సోలార్ ప్లాంట్ తొలగింపు ప్రొవిజన్: మధ్యలో రేటు మారితే

ప్రశ్న: లీజు భూమిలో 25 ఏళ్ల సోలార్ ప్లాంట్ ఉంది. చివర్లో అన్నీ పీకేసి భూమి అప్పగించాలి. ఆ ఖర్చు ఇప్పుడే ఎందుకు రాయాలి? ఏటా పెరిగేది ఎక్కడ వేయాలి? మధ్యలో డిస్కౌంట్ రేటు మారితే?

జవాబు: లీజు ప్రకారం నేలలో స్తంభాలు దిగినప్పుడే వాటిని తీసే బాధ్యత పుట్టింది. అందుకే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 37 కింద ఇప్పుడే ప్రొవిజన్, అంటే ముందు ముందు తీర్చాల్సిన బాధ్యతకు అంచనా మొత్తం, పెడతాం. ఐఏఎస్ 16 దాన్ని ప్లాంట్ ఖరీదులో కలపమంటుంది.

25 ఏళ్ల తర్వాత అయ్యే ఖర్చు, అప్పటి ధరల్లో, 100 లక్షలు అనుకోండి. 8 శాతం రేటుతో నేటి విలువ 14.60 లక్షలు. ప్లాంట్‌కు డెబిట్, ప్రొవిజన్‌కు క్రెడిట్. ఇందులో నగదు కదలదు. నేటి ధరల అంచనా తెచ్చి, ధరల పెరుగుదల కలిగిన 8 శాతంతో తగ్గించేవాళ్లు చాలామంది. అలా చేస్తే ప్రొవిజన్ మరీ చిన్నదైపోతుంది.

ఆపైన రెండు ఖర్చులు వేర్వేరుగా నడుస్తాయి. తరుగుదల ఏటా 0.58 లక్షలు. ప్రొవిజన్ మీద 8 శాతం పెరుగుదల మొదటి ఏడు 1.17 లక్షలు, చివరి ఏడు 7.41 లక్షలు. ఈ పెరుగుదల లాభనష్టాల్లో ఫైనాన్స్ ఖర్చుగా పడాలి, ఆస్తికి చేరకూడదు. నేను చూసిన ఓ ప్లాంట్ లెక్కల్లో దీన్నీ ఏటా ఆస్తికే కలుపుతూ పోయారు. ఖరీదు ప్రతి ఏడాదీ కొంచెం పెరుగుతుంటే అనుమానించాల్సిందే.

ఇక రేటు సంగతి. పదో ఏడు చివర ప్రొవిజన్ 31.52 లక్షలు ఉంటుంది. అప్పుడు రేటు 6 శాతానికి దిగింది, తొలగింపు అంచనా మాత్రం 100 లక్షలే. మిగిలిన 15 ఏళ్లకు కొత్త విలువ 41.73 లక్షలు. తేడా 10.21 లక్షలను నష్టంగా రాసేయాలని అందరికీ అనిపిస్తుంది. కానీ ఈ ప్రమాణాలకు వివరణగా వచ్చిన ఐఎఫ్ఆర్ఐసి 1 ప్రకారం, ప్లాంట్‌ను ఖరీదు పద్ధతిలో చూపిస్తుంటే, ఈ తేడా ఆస్తికి కలుస్తుంది. అప్పటికి ఆస్తిలో ఈ భాగం 8.76 లక్షలు మిగిలి ఉంటుంది కాబట్టి మొత్తం 18.97 లక్షలు, 15 ఏళ్లకు పంచితే ఏటా 1.26 లక్షల తరుగుదల. అంటే రెట్టింపు దాటింది. ఫైనాన్స్ ఖర్చేమో దాదాపు కదలదు: పాత లెక్కలో 2.52, కొత్తదాంట్లో 2.50. మేనేజ్‌మెంట్‌కు ఇది ముందే చెప్పండి, లేకపోతే తరుగుదల చూసి టెన్షన్ పడతారు.

రేటు పెరిగితే ప్రొవిజన్ తగ్గుతుంది, ఆస్తిలోంచి అంతే తీస్తాం. ఆస్తి విలువ సున్నాకు చేరాక మిగిలింది లాభంలోకి పోతుంది. రేటు దిగి ఆస్తి పెరిగినప్పుడు, ఆ కొత్త విలువ తిరిగి రాబట్టగలమా అని కూడా చూడాలి. పాత ధరకు కరెంటు అమ్మే ఒప్పందమైతే ఇక్కడే ఇరుక్కుంటాం.

అల్యూమినియం ఫ్రేములు, రాగి కేబుళ్లు అమ్మితే వచ్చే డబ్బును ప్రొవిజన్‌లోంచి తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఐఏఎస్ 37 అది కుదరదంటుంది. స్క్రాప్ విలువ ఉంటే తరుగుదల లెక్కలో శేష విలువగా చూడండి.