అర్ధరాత్రి రిజెక్ట్ మెయిల్, 41 అనే స్కోర్, 6.4 సీజీపీఏ

"మేడమ్, మా పాప 2024లో బీటెక్ ఈసీఈ పాసైంది, జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద కాలేజీ, సీజీపీఏ 6.4. అప్లై చేసిన అరగంటకే, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా రిజెక్ట్ మెయిల్ వచ్చేస్తోంది. ఏదో వెబ్‌సైట్లో చెక్ చేస్తే ఏటీఎస్ స్కోర్ 41 అంట. అమీర్‌పేటలో ఒకాయన పదిహేను వేలిస్తే 90 దాటిస్తా అంటున్నాడు. మా బావమరిదేమో ఆ డబ్బు ఏఐ కోర్సుకి కట్టమంటున్నాడు. రెండిట్లో ఏది మేలు? అసలు ఆ స్కోర్ ఎలా వేస్తారో కంపెనీలు ఎందుకు చెప్పవు?" - గుంటూరు నుంచి ఒక తండ్రి

ముందు ఆ 41ని పక్కన పెట్టేయండి సార్. అది ఏ కంపెనీ వేసిన మార్కూ కాదు, ఆ వెబ్‌సైట్ వాళ్ళు సొంత లెక్కతో వేసింది. పాప అప్లై చేసిన కంపెనీకి ఆ నంబర్ కనపడదు కూడా. ఏటీఎస్ అంటే కంపెనీ దగ్గరుండే, అప్లికేషన్లని వడపోసే సాఫ్ట్‌వేర్, అది రెజ్యూమెని ఆ ఒక్క ఉద్యోగానికి హెచ్ఆర్ పెట్టిన షరతులతో పోలుస్తుంది, అందుకే ఒకే రెజ్యూమె ఒక చోట పైన ఉంటుంది, ఇంకో చోట అడుగున ఉంటుంది, కొన్ని చోట్ల అసలు స్కోరే వెయ్యరు. అన్ని కంపెనీలకీ కలిపి ఏటీఎస్ స్కోర్ అని ఒకటి లేదు. అమీర్‌పేట ఆయన 90 దాటిస్తా అంటే నిజంగానే దాటిస్తాడేమో, కానీ ఆ వెబ్‌సైట్లో.

ఇక అరగంటలో వచ్చే మెయిల్. దాన్ని బట్టే సగం విషయం తెలుస్తుంది. స్కోర్ తక్కువై లిస్టులో కిందకి పోయినవాళ్ళకి చాలాసార్లు మెయిలే రాదు, నెలల తరబడి 'అండర్ రివ్యూ' అని అలాగే ఉంటుంది. వెంటనే వచ్చిందంటే దాదాపుగా అది స్కోర్ దాకా కూడా వెళ్ళలేదు, అప్లికేషన్ ఫారంలో అడిగిన ప్రశ్నల దగ్గరే ఆగింది. పర్సంటేజ్ ఎంత, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, పాసైన సంవత్సరం ఏది, గ్యాప్ ఎంత, ఇలాంటివి. జవాబు షరతుకి సరిపోకపోతే సిస్టమ్ తనంతట తానే తీసేస్తుంది, రెజ్యూమె తెరిచి చూసే పనే లేదు.

ఇప్పుడు పాప 6.4 చూద్దాం. ఆఫ్ క్యాంపస్ ఫారంలో 'శాతం' అని ఒక గడి ఉంటుంది, కట్ ఆఫ్ 60. జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్క (CGPA − 0.5) × 10, అంటే 59. పదో తరగతికి సీబీఎస్ఈ వాళ్ళు వాడిన 9.5తో గుణిస్తే 60.8. ఊరికే పదితో గుణిస్తే 64. అవే మార్కులు, అదే అమ్మాయి, ఒక లెక్కలో అవుట్, రెండు లెక్కల్లో ఇన్. పైగా చాలా ప్రకటనల్లో '60 శాతం లేదా 6.0 సీజీపీఏ' అని రాస్తారు, ఆ మాట ప్రకారం పాపకి పూర్తి అర్హత ఉంది, కానీ ఫారంలో శాతం గడి మాత్రమే ఉంటే తను నిజాయితీగా 59 కొట్టి, సెకన్లో బయటకి వచ్చేస్తుంది. పక్కింటి అబ్బాయి 64 కొట్టి లోపలికి వెళ్తాడు, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో దొరికితే ఆఫర్ పోగొట్టుకుంటాడు. ఇందులో టాలెంట్ ప్రశ్న ఎక్కడుందండీ? కంపెనీ ఏ ఫార్ములా వాడుతుందో ఒక్క వాక్యం రాసుంటే ఈ గోలే లేదు.

ఫారం దాటితే తర్వాతది రెజ్యూమెని చదివి ముక్కలుగా విడగొట్టే దశ, పార్సింగ్ అంటారు. పిల్లలు రెండు కాలమ్స్ ఉన్న రంగుల టెంప్లేట్ వాడతారు కదా, ఎడమ పక్క స్కిల్స్, కుడి పక్క ఇంటర్న్‌షిప్. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అడ్డంగా ఒక్కో లైను చదువుకుంటూ పోతాయి, 'జావా' పక్కన ఇంటర్న్‌షిప్ తేదీ, 'ఎస్‌క్యూఎల్' పక్కన కాలేజీ పేరు అతుక్కుంటాయి. పేజీ పైన హెడర్లో పెట్టిన ఫోన్ నంబర్ కొన్నిసార్లు అసలు ఎక్కదు. జావా 80 శాతం వచ్చు అని గీసిన నీలం పట్టీ సిస్టమ్‌కి ఖాళీ జాగా కింద లెక్క. ఇవన్నీ ఇంట్లోనే తెలుసుకోవచ్చు: పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయమనండి, అక్కడ కలగాపులగంగా వస్తే సిస్టమ్ కూడా అలాగే చదివే అవకాశం ఎక్కువ. ఒకే కాలమ్, మామూలు హెడింగులు, నెల-సంవత్సరంతో తేదీలు, అంతే, పదిహేను వేల పనిలో పనికొచ్చే భాగం ఇదే, దీనికి ఒక సాయంత్రం చాలు.

మీ చివరి ప్రశ్నకి వస్తాను, నన్నడిగితే అసలు విషయం అదే. కంపెనీలు చెప్పే కారణం ఒకటే, లెక్క బయటపెడితే అందరూ దానికి తగ్గట్టు రెజ్యూమె వండేస్తారని. అందులో కొంత నిజం ఉంది, ఏ పదానికి ఎన్ని పాయింట్లో చెప్తే రేపటికల్లా ప్రతి రెజ్యూమెలో ఆ పదాలే తెల్ల రంగు అక్షరాల్లో దాక్కుంటాయి. ఆ పాయింట్ల పట్టిక ఇమ్మని నేనూ అడగను. కానీ 'మాకు జావా, ఎస్‌క్యూఎల్ కావాలి, 2024, 2025 బ్యాచ్‌లే తీసుకుంటాం' అని చెప్తే ఎవరు ఏం మోసం చేస్తారు? పాసైన సంవత్సరాన్ని వండలేం కదా. చెప్పకపోవడం వల్ల మోసం ఆగిందీ లేదు, అమీర్‌పేటలో దానికి ఒక దుకాణం వెలిసిందంతే.

చెప్పకపోతే ఇంకో నష్టం, తప్పు యంత్రంలో ఉన్నా పిల్లలు తమలోనే ఉందనుకుంటారు. అమెజాన్ 2014 నుంచి రెజ్యూమెలకి స్టార్లు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసుకుంది, పదేళ్ళలో వచ్చిన పాత రెజ్యూమెలిచ్చి నేర్పించారు, వాటిలో ఎక్కువ మగవాళ్ళవి కావడంతో మహిళల క్లబ్బు, మహిళల టీమ్ లాంటి మాట కనిపిస్తే మార్కు తగ్గించడం నేర్చుకుంది. తర్వాత దాన్ని మూలన పడేశారు, 2018లో రాయిటర్స్ రాస్తేగానీ బయటకి తెలియలేదు. అమెరికాలోనే డెరెక్ మోబ్లీ అనే ఆయన 2023లో కంపెనీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మే వర్క్‌డే మీద కేసు వేశాడు, రాత్రి 12:55కి అప్లై చేస్తే 1:50కి రిజెక్ట్ వచ్చిందని కోర్టుకి చెప్పాడు, మీ పాప అర్ధరాత్రి మెయిల్ లాగే. వయసు చూసి తీసేస్తున్నారన్నది ఆయన ఆరోపణ, వర్క్‌డే ఒప్పుకోలేదు. 2025 మేలో కోర్టు నలభై దాటిన మిగతా అభ్యర్థులు కూడా ఆ కేసులో చేరొచ్చని ప్రాథమికంగా అనుమతించింది.

న్యూయార్క్ నగరంలో లోకల్ లా 144 అని ఉంది, 2023 జూలై నుంచి అమలు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే ముందు కనీసం 10 పని దినాల ముందే అభ్యర్థికి చెప్పాలి, ఏ అర్హతలు, ఏ లక్షణాలు చూస్తుందో చెప్పాలి, ఏటా బయటివాళ్ళతో ఆడిట్ చేయించి ఫలితం సైట్లో పెట్టాలి. వినడానికి బాగుంది కానీ తన సాఫ్ట్‌వేర్ ఈ చట్టం కిందకి వస్తుందో రాదో తేల్చుకునేది కంపెనీయే. 2024లో బయటికొచ్చిన ఒక పరిశోధనలో 391 కంపెనీల సైట్లు వెతికితే ఆడిట్ పెట్టినవి 18. పైగా ఆ ఆడిట్ ఆడ-మగ, జాతి తేడాలు చూస్తుంది గానీ మన పిల్లలకి తగిలే దెబ్బ, అంటే కాలేజీ పేరు, గ్యాప్, వాటిని పట్టుకోదు.

నా లెక్కలో సరైన వెల్లడి అంటే ఉద్యోగ ప్రకటన కిందే ఇలా ఉండాలి: "అప్లికేషన్లని ముందు సాఫ్ట్‌వేర్ చూస్తుంది. 60 శాతం లేదా 6.0 సీజీపీఏ తప్పనిసరి, సీజీపీఏ ఉంటే శాతంలోకి మార్చనక్కర్లేదు. ఆ తర్వాత జావా, ఎస్‌క్యూఎల్, ప్రాజెక్టు పని చూసి వరస కడుతుంది, కాలేజీ పేరు, ఫొటో, వయసు చూడదు. మీ రెజ్యూమెలో మా సిస్టమ్ చదివిన వివరాలు సబ్మిట్ చేసే ముందు మీకు కనిపిస్తాయి, సరిచేసుకోండి. ఆగిపోతే ఏ షరతు దగ్గర ఆగిందో మెయిల్లో రాస్తాం, పొరపాటనిపిస్తే తిరిగి రాయండి, మనిషే చూస్తారు." ఇంతే, ఇందులో రహస్యం బయటపడింది ఏముంది? 'మీ స్కోర్ 57' అని ఊరికే నంబర్ పంపడం మాత్రం వెల్లడి కాదు, దాంతో పాప చేయగలిగేది ఏమీ లేదు, మీ ఇంట్లో ఇంకో గొడవ తప్ప. సిస్టమ్ ఏం చదివిందో చూపించడం నంబర్ కన్నా వంద రెట్లు మేలు.

సిబిల్ చూడండి. లోన్ రాకపోతే మన క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఫ్రీగా తెప్పించుకోవచ్చు, తీర్చేసిన అప్పు ఇంకా బాకీ అని చూపిస్తే దిద్దించుకోవచ్చు, ఫార్ములా మొత్తం తెలియకపోయినా తప్పెక్కడుందో తెలుస్తుంది. ఉద్యోగం విషయంలో ఆ మాత్రం కూడా లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో మన వివరాలేం వాడుతున్నారో సారాంశం అడిగే హక్కు, దిద్దమనే హక్కు ఉన్నాయి, రూల్స్ 2025 నవంబర్లో వచ్చినా ఈ హక్కులు అమల్లోకి వచ్చేది 2027 మేలో. అప్పుడు కూడా స్కోర్ ఎలా వేశారో వివరించమనే హక్కు అందులో లేదు. ఇప్పటికైతే మర్యాదగా మెయిల్ రాసి అడగడమే, కొందరు హెచ్ఆర్‌లు జవాబిస్తారు కూడా.

ఇక ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరంలో 41 అని రాశారు, 6.4 అని రాశారు, పాప ఏ ప్రాజెక్ట్ చేసింది, ఏ రోల్‌కి అప్లై చేస్తోంది, ఏం చేయడం ఇష్టం అని ఒక్క ముక్క లేదు. ఆ 41ని భోజనాల దగ్గర ఎన్నిసార్లు ఎత్తారో మీకే తెలియాలి. అసలు మీ భయం పదిహేను వేల గురించి కాదు, నాలుగేళ్ళ ఫీజులు వృథా అయ్యాయేమో, పాపకి ఇక రాదేమో అని. 59కీ 60కీ మధ్య చిక్కుకున్న అమ్మాయిని పట్టుకుని పనికిరాదు అనుకోకండి సార్, తనని ఇంకా మనిషెవరూ చూడనే లేదు.

రెండిట్లో ఏది అంటే ఇప్పుడు రెండూ వద్దు. ఏఐ కోర్సుల మీద నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి, మూడు నెలల సర్టిఫికెట్ పేరు రెజ్యూమెలో చేరుతుంది కానీ ఫారంలో శాతం గడి మారదు కదా, ఆగుతున్నదే అక్కడైతే కోర్సు ఏం చేస్తుంది? ముందు పాపని కూర్చోబెట్టి, అంటే తననే చేయనివ్వండి మీరు పక్కన నిలబడకండి, చివరి పది పన్నెండు అప్లికేషన్లు తెరిచి శాతం గడిలో ఏం కొట్టిందో, ప్రకటనలో కట్ ఆఫ్ ఎలా రాసుందో, మెయిల్ ఎంతసేపటికి వచ్చిందో రాయమనండి. '6.0 సీజీపీఏ' అని రాసుండి ఫారం శాతమే అడిగిన చోట సబ్మిట్ చేసే ముందే హెచ్ఆర్‌కి రాసి ఏ లెక్క వేయాలో అడగమనండి, మార్కుల మెమో జతచేసి. 64 మాత్రం కొట్టొద్దు. ఆ లిస్టూ, నోట్‌ప్యాడ్‌లో వచ్చిన టెక్స్టూ పంపిస్తే నేను చూస్తాను, రెజ్యూమె గడప దాటాక కూడా పిలుపు రాకపోతే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడదాం.