థ్యాంక్స్ లెటర్‌లో ఒక్క వాక్యం తీసేయండి

ప్రశ్న: లాయర్ గారూ, మాది రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీ. 42 మందిమి. 2025 జూన్‌లో లేబర్ ఆఫీసులో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి రూ.36,000 అరియర్స్, మూడు వాయిదాల్లో. రెండు ముట్టాయి. మా తరఫున మాట్లాడిన ప్రతినిధి అన్నకు థ్యాంక్స్ లెటర్ రాశాం. అందులో ‘మా బకాయిలన్నీ తీరాయి, యాజమాన్యం మీద మాకు ఇక ఏ ఫిర్యాదూ లేదు’ అని ఉంది. ఒక కాపీ హెచ్‌ఆర్‌కు ఇద్దామనుకున్నాం. ఆరుగురు మాత్రం సంతకం పెట్టం అంటున్నారు. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: లెటర్ ఇంకా చేతులు మారకపోతే ఆపండి. ఆ ఆరుగురూ ఏం ఆలోచించి వద్దన్నారో గానీ, మంచి పనే చేశారు.

మీరు రాసింది అన్నకు కృతజ్ఞతే. కానీ ఆ వాక్యం చదివితే రసీదులా ఉంది. ఇంకా ఒక్కొక్కరికి రూ.12,000 రావాలి, అందరిదీ కలిపితే రూ.5,04,000. మూడో వాయిదా దగ్గర యాజమాన్యం మొండికేస్తే, ‘అన్నీ తీరాయని వీళ్లే రాసిచ్చారు’ అని మీ సంతకాలే మీ ముందు పెడుతుంది. కోర్టు దాన్నే తుది మాటగా తీసుకోదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండు జమలే కనిపిస్తాయి కదా. అయినా, అలా ఎందుకు రాశారో చెప్పుకోవాల్సిన పని మీ నెత్తిన పడుతుంది. ఆ టెన్షన్ ఎందుకు? హెచ్‌ఆర్‌కు కాపీ కూడా వద్దు. థ్యాంక్స్ చెబుతున్నది అన్నకు, వాళ్లకు కాదు.

సంతకం పెట్టనివాళ్లు రాజీ నుంచి తప్పుకున్నట్టు కాదు. ఒప్పందం కింద కన్సిలియేషన్ అధికారి సంతకం ఉందేమో చూడండి. ఉంటే, మీ రాజీ నాటికి అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 18(3) ప్రకారం అది ఆ ఫ్యాక్టరీలోని కార్మికులందరికీ, తర్వాత చేరేవాళ్లకూ వర్తిస్తుంది. అధికారి లేకుండా మీరూ మీరూ రాసుకున్నదైతే సంతకం చేసిన పక్షాలకే. ఈ తేడా థ్యాంక్స్ లెటర్‌తో మారదు. అందుకే ‘కార్మికులందరి తరఫున’ అనకుండా, సంతకం పెట్టిన 36 మంది తరఫున రాయండి.

ఇలా రాస్తే చాలు:

“అన్నా, 2025 జూన్ నాటి ఒప్పందం కోసం నువ్వు పడిన శ్రమకు కింద సంతకాలు చేసిన మేమంతా కృతజ్ఞులం. మొదటి రెండు వాయిదాలు మాకు ముట్టాయి. మూడోది ఒప్పందం ప్రకారం రావాల్సి ఉంది. బేరం ఎక్కడికొచ్చిందో ప్రతిసారీ గేటు దగ్గరికొచ్చి మాకు చెప్పిన తర్వాతే నువ్వు ముందుకెళ్లావు. అది మరచిపోలేం.”

శాలువా కప్పాలనుకుంటే కప్పండి, దానికి చట్టం అడ్డు రాదు.

మూడో వాయిదా గడువు దాటితే మాత్రం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆ డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు, ఒప్పందం నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లేబర్ ఆఫీసులో వసూలు దరఖాస్తు పెట్టండి. బాకీ ఉందని తేలితే కలెక్టర్ దాన్ని భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేయిస్తారు.