ఎండాడలో పీజీ హాస్టల్: పదహారు మంచాల లెక్క

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. బీకాం అయ్యాక ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగ్ తీసుకున్నాడు. రెండుసార్లు మెయిన్స్‌లో పోయింది. ఇప్పుడు ఎండాడలో నాలుగు పడగ్గదుల ఇల్లు నెలకు 28 వేలకు తీసుకుని, ఇంజినీరింగ్ పిల్లలకు పీజీ హాస్టల్ పెడతానంటున్నాడు. వంట మా ఆవిడ చూసుకుంటుంది. నా దగ్గరున్న మూడున్నర లక్షలు ఇవ్వమంటారా, ఇంకో ఏడాది చదివించమంటారా? చుట్టాలకు ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. – ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ముందు చుట్టాల సంగతి వదిలేయండి. మీ అబ్బాయి రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లాడంటే ప్రిలిమ్స్ దాటగలడని తేలిపోయింది. ఐబీపీఎస్ క్లర్కుకు 28 ఏళ్లు, పీవోకు 30 ఏళ్ల వరకు వయసుంది. తలుపులేమీ మూసుకుపోలేదు. ఈ ఏడాది పీజీ పెట్టినా వచ్చే ఏడాది పరీక్ష రాసుకోవచ్చు. కాబట్టి ఇది జీవితాంతపు నిర్ణయం కాదు, మూడున్నర లక్షల నిర్ణయం. దాన్ని అలాగే చూద్దాం.

గదికి నలుగురు చొప్పున పదహారు మంచాలు. భోజనంతో కలిపి మనిషికి 6,500 అనుకుంటే, అన్నీ నిండితే నెలకు 1,04,000 వస్తుంది. పీజీ వ్యాపారం గురించి చెప్పే వీడియోలన్నీ ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. ఇందులోంచి అద్దె 28,000 పోతుంది. బియ్యం, పప్పు, కూరలు, పాలు, గుడ్లు, ఆదివారం చికెన్ కలిపి మనిషికి రోజుకు 75 రూపాయల్లో సర్దినా 36,000. గ్యాస్‌కు 4,500 వేసుకోండి. హాస్టల్‌కు వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండరే. ఇంటి సిలిండర్ వాడుతూ తనిఖీలో దొరికితే పట్టుకుపోతారు. వంటమనిషికి 11,000, ఊడ్చి బాత్రూంలు కడిగే మనిషికి 4,000. కరెంటుకు 5,500, ఎందుకంటే నెలకు 400 యూనిట్లు దాటాక ఇళ్ల స్లాబులోనే యూనిట్ 9.75 రూపాయలు. పదహారుమంది ఉన్న ఇల్లు ఆ గీత దాటకుండా ఉండదు. ఇంటర్నెట్, మంచినీళ్ల టిన్నులు, ఫినాయిల్, చిన్నాచితకా రిపేర్లకు 4,000. మొత్తం 93,000. మిగిలేది 11,000.

ఇప్పుడు మూడు మంచాలు ఖాళీగా ఉన్నాయనుకోండి. రాబడి 19,500 తగ్గుతుంది, తిండి ఖర్చు మాత్రం 6,750 రూపాయలే తగ్గుతుంది. అద్దె, జీతాలు అలాగే ఉంటాయి. అప్పుడు మిగలడం మాట అటుంచి, చేతి నుంచి 1,750 పడుతుంది. అంటే పద్నాలుగో మంచం నిండితేనే మీవాడికి రూపాయి కనపడేది.

ఇంకొక చిక్కు సెలవులు. ఇంజినీరింగ్ పిల్లలు పరీక్షలవగానే ఊళ్లకు వెళ్లిపోతారు. పిల్లలు డబ్బిచ్చేది పది నెలలు, మీవాడు అద్దె కట్టేది పన్నెండు. పది నెలలు అన్ని మంచాలూ నిండినా 1,10,000. రెండు నెలల అద్దె 56,000 తీసేస్తే 54,000. వంటమనిషి చేయి జారకుండా సెలవుల్లోనూ జీతమిస్తే 32,000. ఇది ఏడాది మొత్తానికి, మీ అబ్బాయి తెల్లవారకముందే లేచిన రోజులన్నిటికీ కలిపి.

వంటమనిషి లేకపోతే నెలకు మరో 11,000 మిగులుతుందిగా అంటారు. అవును, మిగులుతుంది. ఆ డబ్బు హాస్టల్ లాభం కాదండీ, మీ ఆవిడ జీతం. ఆమెను అడిగారా? పదహారుమందికి తలా ఐదు ఇడ్లీలంటే ఎనభై. ముందురోజే అరకిలో పైచిలుకు మినప్పప్పు నానబెట్టి రుబ్బాలి. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగిస్తే ఏడున్నరకు టిఫిను, క్యారియర్లు అయి కాలేజీ బస్సుకు అందాలి. సాయంత్రం మళ్లీ అంతే. ఆమెకు జ్వరమొస్తే ఆ రోజు పదహారుమందికి బయట నుంచి తెప్పించాలి. ఇంత పనిని ఒక్క ముక్కలో తేల్చేశారు మీరు. ఆమె సరేనంటే లెక్కలో ఆమె పేరున నెలకు 11,000 రాసి, నిజంగా చేతిలో పెట్టండి. అలా పెట్టాక కూడా హాస్టల్ నిలబడితేనే అది వ్యాపారం.

పెద్ద పీజీలకు మిగలడానికి కారణం వేరు. అరవై మంచాలుంటే ఇద్దరు ముగ్గురు వంటవాళ్ల జీతం అరవైమంది మీద పడుతుంది, నాలుగు మంచాలు ఖాళీ అయినా తెలియదు. చిన్నదానికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకే పదహారు మంచాలతో, భోజనంతో, ఇంజినీరింగ్ పిల్లల మీదే ఆధారపడి మొదలుపెట్టడం నాకు నచ్చలేదు.

భోజనం లేకుండా ఒట్టి మంచం లెక్క చూడండి. 3,500 చొప్పున పదహారుకు 56,000. అద్దె 28,000, కరెంటుకు 4,500, శుభ్రం చేసే మనిషికి 4,000, ఇతర ఖర్చులకు 3,000 పోను 16,500 మిగులుతుంది. సెలవుల అద్దె తీసేసినా ఏడాదికి లక్ష పైనే. పన్నెండు మంచాలు నిండితే ఆ నెల ఖర్చు గట్టెక్కుతుంది. అయితే మొదటి సంవత్సరం పిల్లల తల్లిదండ్రులు భోజనం లేని చోటికి పంపరు. క్యారియర్ తెప్పించుకునే సీనియర్లు, కోచింగ్ కుర్రాళ్లు వస్తారు. కోచింగ్ వాళ్లకు వేసవి సెలవులు లేవు కాబట్టి ద్వారకానగర్, అక్కయ్యపాలెం చుట్టుపక్కల ఇల్లు దొరుకుతుందేమో మీవాణ్ణి వెతకమనండి. ఆ కుర్రాళ్లకు ఏం కావాలో అతనికి తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

ఏ ఇల్లయినా గదులు లెక్కపెట్టి తీసుకోకండి, బాత్రూంలు లెక్కపెట్టండి. మనిషికి పది నిమిషాలనుకుంటే పదహారుమందికి రెండు బాత్రూంల మీద గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగుంటే నలభై నిమిషాల్లో అయిపోతుంది. రెండే ఉన్న ఇంట్లో పిల్లలు నెల తిరక్కుండా ఖాళీ చేసేది వంట వల్ల కాదు, ఈ క్యూ వల్ల. నీళ్లు రోజుకు రెండు వేల లీటర్లయినా కావాలి, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు చాలదు. డ్రైనేజీ లైను లేని వీధి అయితే ఆ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఐదారుగురి కుటుంబానికి కట్టింది. కింది అంతస్తు బాత్రూంలో నీళ్లు పోశాక గుడగుడమని మెల్లగా దిగుతున్నాయంటే అది నిండిందని గుర్తు. మే నెలలో ఆ వీధికి ట్యాంకర్లు ఎన్ని వస్తాయో పక్కింటివాళ్లను అడగమనండి. అపార్టుమెంటులో ఫ్లాటు వద్దు, అసోసియేషన్ ఒప్పుకోదు.

మూడున్నర లక్షల్లో ఎంత మునుగుతుందన్నది మీ అసలు భయం. మంచాలు, పరుపులు, బీరువాలకు లక్షన్నర దాకా అవుతుంది. మూసేస్తే సగానికైనా అమ్ముడవుతాయి. వంట పెట్టకపోతే గ్రైండరు, పెద్ద ఫ్రిజ్, గిన్నెల ఖర్చు మిగిలిపోతుంది. ప్రమాదమంతా యజమానికిచ్చే అడ్వాన్సులో, అగ్రిమెంటులో ఉంది. పదకొండు నెలల కాగితం మీద ఇల్లు నింపాక, యజమాని ఖాళీ చేయమని తనే హాస్టల్ నడుపుకుంటే మీరు చేయగలిగింది తక్కువ. మూడేళ్లకు రిజిస్టర్ చేయించండి. హాస్టల్ నడపడానికి యజమాని ఒప్పుకున్నట్టు, ఏటా ఎంత శాతం పెంచుతారో, ఖాళీ చేశాక అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, మీవాడు మధ్యలో వదిలేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో అందులో రాయించండి. వీటిలో ఏ ఒక్కటి రాయనన్నా ఆ ఇల్లు వదిలేసి ఇంకొకటి చూసుకోమనండి, పైసా అడ్వాన్సు ఇవ్వకుండా.