గలగలా మాట్లాడతారు, అర్థమే ఉండదు: ఎందుకు?

"నాన్నగారికి స్ట్రోక్ వచ్చి పది రోజులైంది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, గలగలా మాట్లాడుతున్నారు, కానీ ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. మతి తప్పిందా?"

మతి తప్పడం కాదండీ, మీరు చెప్పేది వెర్నికే అఫేసియాలా ఉంది. మెదడు దెబ్బతిని భాష తడబడటాన్నే అఫేసియా అంటారు. మెదడులో ఎడమ చెవికి కాస్త పైన, వెనగ్గా ఉండే టెంపొరల్ భాగం విన్న శబ్దాన్ని అర్థంతో కలుపుతుంది. అది దెబ్బతిన్నా నోటి కదలిక, వాక్యపు లయ అలాగే ఉంటాయి. మాటలే తారుమారవుతాయి: "నీళ్ళు" అనబోయి "కుర్చీ" అంటారు, లేదా భాషలోనే లేని మాట అంటారు. తన మాట తనకే సరిగా అందదు కాబట్టి తప్పు తెలియదు, మనకు అర్థం కాలేదని కోప్పడతారు కూడా.

ఇంకో రకం బ్రోకా అఫేసియా. అందులో దెబ్బ ముందువైపు, ఫ్రాంటల్ భాగంలో. "నిన్న... ఆస్పత్రి... మందు" అని ఒక్కో మాటా తవ్వి తీసినట్టు వస్తుంది, విభక్తులు, క్రియల చివర్లు జారిపోతాయి. ముఖాన్నీ చేతినీ కదిలించే భాగం పక్కనే కాబట్టి కుడిచేయి కూడా తరచూ బలహీనపడుతుంది.

నాన్నగారిది ఏ రకమో అంచనా వేయాలంటే, సైగ చేయకుండా, చూపు కూడా అటు తిప్పకుండా "కిటికీ చూపించండి" అనండి. తర్వాత "నిమ్మకాయ" అని మీ వెంట అనమనండి. వెర్నికేలో రెండూ తడబడతాయి. చెప్పింది అర్థమై, తిరిగి అనడమే రాకపోతే కండక్షన్ అఫేసియా అనుకోవచ్చు. ఈ జవాబులు వీడియో తీసి స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

గట్టిగా అరవకండి, లోపం చెవిలో లేదు. గ్లాసు చేత్తో చూపిస్తూ "నీళ్ళు కావాలా?" అనండి. నొప్పి ఉందా అంటే ఆయన చెప్పే "ఊ"ను మాత్రం నమ్మకండి, ముఖం చూడండి.