కాశీ టూర్ క్యాప్షన్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కాశీ, గయ, అయోధ్య ప్యాకేజీ క్యాప్షన్ రెండుసార్లు చదివాను. భాష బాగుంది, కానీ మొదటి మూడు లైన్లూ "జన్మ ధన్యం, మోక్షదాయకం" అంటూనే అయిపోయాయి, ఫోన్‌లో కనబడేదే ఆ రెండు మూడు లైన్లు కదా, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాశీ గొప్పతనం మన పెద్దవాళ్ళకి మనం చెప్పాలా చెప్పు. వాళ్ళకి కావాల్సింది ఎప్పుడు బయల్దేరతారు, ఎక్కణ్ణుంచి, మొత్తం ఎన్ని రోజులు, ఎంత, ఏ తేదీలోపు డబ్బు కట్టాలి, అంతే. అవి పైన పెట్టు, ఆ తర్వాత ఎంతైనా రాసుకో.

ఇప్పుడు ప్రోగ్రామ్ సంగతి. "8 రోజులు" అని రాశావు, నిజమే, కానీ ఉదయం సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు గానీ ప్రయాగ దగ్గర ఛియోకీలో దిగరు, తిరుగు ప్రయాణమూ అంతే. అంటే రెండు రాత్రులు రైల్లోనే పోతాయి. "8 రోజులు, అందులో 2 రాత్రులు రైల్లో, 5 రాత్రులు హోటల్లో" అని విడగొట్టి రాయి, రైలు స్లీపరా థర్డ్ ఏసీనా అన్నది కూడా పక్కనే ఉండాలి. లేకపోతే ఆఫీసుకి వచ్చే ఫోన్లలో సగం ఇదే అడుగుతాయి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది 6వ రోజు. "ఉదయం గయ, పిండప్రదానం, బోధ్‌గయ దర్శనం, రాత్రికి కాశీ" అని ఒక్క లైన్లో తేల్చేశావు. కాశీ నుంచి గయ ఇంచుమించు 250 కిలోమీటర్లు, బస్సులో వెళ్ళడానికే ఐదారు గంటలు, రావడానికి మళ్ళీ అంతే. మధ్యలో ఫల్గుణి ఒడ్డున, విష్ణుపాదం గుడిలో, అక్షయవటం దగ్గర పిండాలు పెట్టాలి, అక్కడ జనం ఉన్న రోజు ఎంతసేపు పడుతుందో చెప్పలేం. తండ్రి కోసం గయ దాకా వచ్చినాయన్ని "త్వరగా కానివ్వండి, బస్సు వెయిటింగ్" అని తొందరపెడితే ఆయనకెలా ఉంటుంది! కాబట్టి ఇది రాసే ముందు ఆఫీసువాళ్ళని అడుగు, గయలో ఒక రాత్రి బస ఉందా అని. లేదంటే "తెల్లవారుజామున 3 గంటలకి బయల్దేరతాం, తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది" అని ఉన్నదున్నట్టు రాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఆలోచించుకుంటారు.

ప్యాకేజీలో ఉన్నవి రాయడం తేలికే, లేనివి రాయడానికే చెయ్యి రాదు అందరికీ. "వ్యక్తిగత ఖర్చులు యాత్రికులవే" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? పెద్ద బస్సు కాశీ ఇరుకు వీధుల్లోకి రాదు, బయటే ఆపుతారు, అక్కణ్ణుంచి గొదౌలియా దాకా ఆటో ఎక్కి ఆ తర్వాత గుడికి నడవాలి. ఆ ఆటో డబ్బులు ఎవరివి? సంగమంలో పడవ ఛార్జీ ఎవరిది? గయలో పంతులుగారి దక్షిణ, పిండప్రదానం సామాన్లు, రైల్లో భోజనం, స్పెషల్ దర్శనం టికెట్లు, ఇవన్నీ పేరుపేరునా రాయి. లిస్ట్ పొడుగైతే జనం పారిపోతారని భయపడకు, ఘాట్ దగ్గర నిలబెట్టి డబ్బులడిగితే వచ్చే గొడవ కంటే ఇది చాలా నయం. "స్పర్శ దర్శనం గ్యారంటీ" మాత్రం తీసేయ్. అది గుడివాళ్ళ టైమింగ్స్‌ని, ఆ రోజు రద్దీని బట్టి ఉంటుంది, మన చేతిలో లేనిది మనం రాయకూడదు.

ఇక లాస్ట్ డేట్. "సీట్లు పరిమితం, త్వరపడండి" అని ప్రతివాళ్ళూ రాస్తారు కాబట్టి ఎవరూ నమ్మరు. తేదీ వెనక కారణం చెప్పు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది కదా, మీ ప్రయాణం నవంబర్ 20 అయితే బుకింగ్ సెప్టెంబర్ 21 ఉదయం తెరుచుకుంటుంది, ఆ వేళకి అందరి పేర్లు, వయసులు చేతిలో ఉండాలి. అందుకే ఇలా రాయి: "సెప్టెంబర్ 18 లోపు అడ్వాన్స్, ఆధార్ కాపీ ఇవ్వండి. 21న రైలు టికెట్లు తీస్తాం. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి టికెట్ దొరికితేనే చోటు." పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఇమ్మని కూడా చెప్పు. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుందో ఆ కిందే రాసెయ్, అది అడగడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు.

ముందు గయ బస సంగతి తేల్చుకుని మళ్ళీ రాసి పంపు, రాత్రికి చూస్తాను.

మీ అన్నయ్య