మాత్రలను గంటల వారీగా కాదు, తేదీల వారీగా పేర్చండి

ప్రశ్న: మా అమ్మగారికి 76 ఏళ్లు. ముగ్గురు డాక్టర్లు రాసిన తొమ్మిది రకాల మందులు వాడుతున్నారు. కొన్ని నెలలుగా నడిచేటప్పుడు తూలుతున్నారు, మతిమరుపు కూడా పెరిగింది. ఏ మందుకు ఏది పడదో చెప్పే యాప్‌లో పేర్లన్నీ నింపి చూశాను. పెద్ద హెచ్చరికలేవీ రాలేదు. ఇంతకంటే మంచి యాప్ ఉందా?

జవాబు: యాప్ మార్చినా మీకు కావలసిన జవాబు దొరకకపోవచ్చు. అవి చాలావరకు మందులను రెండేసి చొప్పున జత చేసి చూస్తాయి. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బుగా పొరబడి దానికి ఇంకో మందు రాసిన సంగతి వాటికి అందదు. ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో, ఏ బాధ ఎప్పుడు వచ్చిందో వాటిలో మనం నింపం కదా.

మా పెద్దమ్మ విషయంలో జరిగింది ఇదే. జనవరిలో ఆమెకు రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌ను 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారు. మార్చికి చీలమండలు వాచాయి. వేరే డాక్టరు నీరు చేరిందనుకుని మూత్రం ఎక్కువ చేసే ఫ్యూరోసెమైడ్ రాశారు. దాంతో మూత్రం ఆపుకోలేకపోతున్నానంటే జూన్‌లో ఆక్సీబ్యుటినిన్ వచ్చి చేరింది. ఆగస్టుకు నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వచ్చానో తెలియక అలాగే నిలబడిపోయేది. మతిమరుపు జబ్బు మొదలైందేమోనని మేమంతా బెంగపడ్డాం.

ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. అందుకే కాళ్ల దగ్గర రక్తనాళాల్లోంచి ద్రవం కండరాల చుట్టూ ఊరుతుంది. మోతాదు పెరిగే కొద్దీ ఈ వాపు పెరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక మూత్రం ఎక్కువ చేసే మాత్రతో పెద్దగా తగ్గదు. ఆ మాత్ర వల్ల లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. ఇక ఆక్సీబ్యుటినిన్ మూత్రాశయాన్ని శాంతపరిచే పనిలో మెదడుకు అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్నీ అడ్డుకుంటుంది. వయసు మళ్లినవారిలో మూత్రపిండాల వడపోత కూడా తగ్గి, కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం కనుక, కండ తగ్గినవారికి అది మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఆ ఒక్క అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఈ గొలుసు నాకు కనిపించింది ఒక మామూలు స్ప్రెడ్‌షీట్‌లో. మీరూ గూగుల్ షీట్స్‌లో A నుంచి E వరకు ఐదు నిలువు వరుసలు పెట్టి, మొదటి అడ్డు వరుసలో ఈ శీర్షికలు రాయండి: తేదీ, మందు, మోతాదు, ఎందుకు, రాసినవారు. బ్రాండు పేరు కాక అట్ట మీద ఉన్న అసలు మందు పేరు రాయండి. ఒకే మందు రెండు బ్రాండ్లుగా, లేదా కలిపి చేసిన మాత్రలో దాగి ఉంటే అప్పుడే బయటపడుతుంది. డాక్టరు రాయకుండా కొన్న నొప్పి మాత్రలు, మూలికా మందులు కూడా చేర్చండి. ముఖ్యంగా, వాపు, తూలడం, పడిపోవడం వంటి ప్రతి కొత్త బాధనూ తేదీతో మందుల మధ్యే ఒక వరుసగా రాయండి. తర్వాత ఖాళీగా ఉన్న G2 గడిలో ఇది రాస్తే అన్నీ తేదీల వారీగా వస్తాయి:

```
=SORT(A2:E60,1,TRUE)
```

తేదీలను 2024-03-15 పద్ధతిలో ఇవ్వండి. గడిలో తేదీ ఎడమ వైపుకు అతుక్కుని ఉంటే షీటు దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకున్నట్టు లెక్క, వరుస తప్పుతుంది.

ఆ పేజీని ముద్రించి, మందులన్నీ సంచిలో వేసుకుని, మామూలు చూపింపులో భాగంగా కాక ‘మందుల సమీక్ష కోసం’ అని చెప్పి విడిగా సమయం అడగండి. ముగ్గురిలో అమ్మగారి సంగతి ఎక్కువ తెలిసిన డాక్టరు దగ్గరకు వెళ్లండి. ‘మందులు ఎక్కువయ్యాయి’ అంటే సంభాషణ ముందుకు సాగదు. ‘ఈ బాధ ఈ మందు మొదలైన ఇన్ని వారాలకు వచ్చింది, దీనివల్ల కావచ్చా?’ అని వేలు పెట్టి చూపండి. మూత్రపిండాల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకెను బట్టి మోతాదులు సరిపోతాయా అని అడగండి. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి రక్తపోటు చూసి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూసి రాసుకెళ్లండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే డాక్టరుకు అది గట్టి ఆధారం.

మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపవద్దు. గుండెకు, రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు, చాలాకాలంగా వాడే నిద్ర మాత్రలు ఉన్నపళంగా మానితే ప్రమాదం. డాక్టరు చేతే ఒక్కో మందునే తగ్గించుకుంటూ, ఏ లక్షణం గమనించాలో, ఎప్పుడు మళ్లీ రావాలో రాయించుకోండి. అయోమయం గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ముదిరినా, పడి తలకు దెబ్బ తగిలినా షీటు సంగతి తర్వాత, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా పెద్దమ్మకు డాక్టరు మొదట ఆక్సీబ్యుటినిన్ ఆపారు, ఆమ్లోడిపిన్‌ను తిరిగి 5కి తగ్గించారు, వాపు దిగాక ఫ్యూరోసెమైడ్ మానిపించారు. ఆ తేదీలూ అదే షీటులో రాశాను.