సార్జంట్ పెప్పర్ 1 నుంచి 24కి ఎందుకు దిగింది?

ప్రశ్న: రోలింగ్ స్టోన్, ఎన్ఎంఈ లాంటి పత్రికలు వేసే "గొప్ప రాక్ ఆల్బమ్‌ల" లిస్టులు పదేళ్లకోసారి ఎందుకు తలకిందులవుతాయి? పాటలు అవే కదా! వాళ్ల కంటికి ఆననిది ఏమైనా ఉందా?

లిస్టు ఎలా తయారవుతుందో తెలిస్తే సగం సందేహం అక్కడే తీరిపోతుంది. రోలింగ్ స్టోన్ 2003లో 500 ఆల్బమ్‌ల లిస్టు వేసినప్పుడు సంగీతకారులు, విమర్శకులు, రికార్డు కంపెనీల వాళ్లు 270 మందికి పైగా ఓటేశారు. ఒక్కొక్కరు తమకు నచ్చిన 50 ఆల్బమ్‌లను వరుసలో రాసి పంపారు. పై స్థానానికి మార్కులు ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. అన్నీ కూడితే బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' మొదటి స్థానంలో నిలిచింది. 2020లో పాత ఓట్లు పక్కన పెట్టి, 300 మందికి పైగా కొత్త వాళ్లను అడిగి మళ్లీ మొదటి నుంచి లెక్కేశారు. ఈసారి మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆరు నుంచి ఒకటికి ఎక్కింది. సార్జంట్ పెప్పర్ 24కి దిగింది.

దిగిందంటే జనానికి బీటిల్స్ మీద మోజు తగ్గిందని అనుకుంటాం. అదే లిస్టులో వాళ్లదే 'యాబీ రోడ్' 14 నుంచి 5కి ఎక్కింది. అంటే ఓట్లు ఇంట్లోనే చీలి ఉండొచ్చు. ఊరికే లెక్క కోసం 60 మంది బీటిల్స్ అభిమానులు ఉన్నారనుకోండి. ఒకప్పుడు ఆ 60 మందీ సార్జంట్ పెప్పర్‌నే మొదట రాసేవాళ్లు. ఇప్పుడు 20 మంది దాన్ని, 20 మంది 'రివాల్వర్'ని, 20 మంది యాబీ రోడ్‌ని మొదట రాస్తారు. అభిమానుల్లో ఒక్కడు కూడా తగ్గలేదు, కానీ ఆ ఆల్బమ్ మార్కులు పడిపోయాయి. ఒక మనిషి పేరు చెప్పగానే అందరికీ ఒకే ఆల్బమ్ గుర్తొచ్చే చోట ఈ చీలిక ఉండదు. మార్విన్ గేకి కలిసొచ్చిన వాటిలో ఇదీ ఒకటని నా నమ్మకం. ఆయన ఆల్బమ్ గొప్పదే, అందులో నాకు రెండో మాట లేదు.

ఎన్ఎంఈ కథ వేరు. ఈ ఇంగ్లండు పత్రిక ఎక్కువగా సొంత రచయితల మాట మీద నడిచింది. దాని లిస్టుల్లో మొదటి స్థానం 1974లో సార్జంట్ పెప్పర్, 1985లో వాట్స్ గోయింగ్ ఆన్, 1993లో బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్', 2003లో స్టోన్ రోజెస్ మొదటి ఆల్బమ్, 2013లో స్మిత్స్ 'ది క్వీన్ ఈజ్ డెడ్'. స్టోన్ రోజెస్ ఆల్బమ్ వచ్చింది 1989లో. 2003 నాటికి ఆఫీసులో ముప్పై ఏళ్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లు అప్పుడు టీనేజర్లు. ఇంక చెప్పేదేముంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం. ఓటేసిన అందరూ విన్నది ఒకే ఆల్బమ్ కాదు. 1966లో రివాల్వర్ ఇంగ్లండులో 14 పాటలతో వచ్చింది. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ దాన్ని 11 పాటలతో వేసింది. తీసేసిన మూడూ 'అయామ్ ఓన్లీ స్లీపింగ్', 'అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్', 'డాక్టర్ రాబర్ట్'. వాటిని అప్పటికే రెండు నెలల ముందు ఇంకో ఆల్బమ్‌లో పెట్టి అమ్మేశారు. మూడూ జాన్ లెనన్ పాడినవే. దాంతో అమెరికా రివాల్వర్‌లో లెనన్ ప్రధానంగా పాడిన పాటలు రెండే మిగిలాయి, జార్జ్ హారిసన్‌వి మాత్రం మూడూ ఉన్నాయి. బ్యాండులో ముఖ్యమైన గొంతు సగానికి పైగా పోయిన రికార్డు అది. మరుసటి ఏడాది వచ్చిన సార్జంట్ పెప్పర్ మాత్రం రెండు దేశాల్లోనూ ఒకే పాటల వరుసతో వచ్చింది. 1987లో సీడీలు వచ్చినప్పుడు ఇంగ్లండు వరుసనే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. అప్పటిదాకా అమెరికా విమర్శకుల్లో చాలామంది కోసేసిన రివాల్వర్‌ని, పూర్తి సార్జంట్ పెప్పర్‌ని పక్కపక్కన పెట్టి పోల్చారు. తర్వాత రివాల్వర్ సార్జంట్ పెప్పర్‌ని దాటి పైకొచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు. కారణం ఇదొక్కటే అనను, పూర్తి రివాల్వర్ చేతిలో ఉన్న ఎన్ఎంఈ వాళ్లు కూడా 1974లో సార్జంట్ పెప్పర్‌కే ఓటేశారు మరి.

ఈ సంగతి నాకు ఇంతలా పట్టడానికి కారణం మా అమలాపురమే. మా కోనసీమకి రాక్ వచ్చింది గల్ఫ్ సూట్‌కేసుల్లో. మా వీధిలో కువైట్ నుంచి వచ్చిన ఒక అన్నయ్య క్యాసెట్లు తెచ్చేవాడు, వాటిని బజార్లో రికార్డింగ్ సెంటర్‌లో మా ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకునేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట పడుతుంది. సార్జంట్ పెప్పర్ ఒక్కో వైపు దాదాపు 20 నిమిషాలే. "పది నిమిషాలు ఖాళీగా పోతోంది బాబూ, బోనీ ఎం పాట వేసెయ్యనా?" అనేవాడు సెంటర్ ఆయన. వేసేసేవాడు కూడా. చివరి పాట 'ఎ డే ఇన్ ది లైఫ్' ఆఖర్లో పియానోల మీద ఒకేసారి కొట్టిన స్వరం 40 సెకన్లకు పైగా సాగి సన్నగా కరిగిపోతుంది. పాట అయిపోయిందనుకుని ఆయన మధ్యలోనే స్టాప్ నొక్కేశాడు. సీడీ చేతికొచ్చేదాకా ఆ పాట నాకు టక్కున ఆగిపోయి, వెంటనే బోనీ ఎం డ్రమ్స్ మొదలయ్యేవి. మా ఊళ్లో ఎవరినైనా ఓటు అడిగి ఉంటే మేము వేసేది ఆ క్యాసెట్‌కే.

లిస్టులు వదిలేసేదీ ఇక్కడే ఉంది. వాళ్లు కొలిచేది ఆల్బమ్‌ని. ఆల్బమ్‌గా పుట్టని సంగీతం ఆ కొలతకి అందదు. చక్ బెర్రీనే చూడండి. 1955 నుంచి ఆయన సత్తా అంతా ఒక్కో పాటగా అమ్మిన చిన్న రికార్డుల్లో ఉంది. బీటిల్స్ ఆయన పాటలు నేర్చుకుని పాడి రికార్డు చేశారు కూడా. 2003 రోలింగ్ స్టోన్ లిస్టులో ఆయన్ని 21వ స్థానంలో పెట్టారు, కానీ ఏ ఆల్బమ్‌తో? 1982లో కంపెనీ వాళ్లు పాత పాటలు ఏరి వేసిన 'ది గ్రేట్ ట్వంటీ ఎయిట్'తో. ఇలాంటి ఏరిన ఆల్బమ్‌లు చెల్లవని రూలు పెట్టుకున్న లిస్టుల్లో రాక్ గిటార్‌కి దారి వేసిన మనిషి దాదాపు కనపడడు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

రెండోది, వినేవాళ్లు. మా వైపు గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదట కుస్తీ పట్టేది ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా'తోనే. ఆ ఆల్బమ్ 2003లో 37, 2020లో 118. కాకినాడ కాలేజీ హాస్టళ్లలో ఆ పాట ఒక్క మెట్టు కూడా దిగలేదు, కానీ అక్కడివాళ్లని ఎవరూ ఓటు అడగలేదు. ఇంగ్లీషు కాని భాషల్లో పాడిన రాక్‌కి ఈ లిస్టుల్లో దొరికే చోటు కూడా అంతంత మాత్రమే.

కాబట్టి ఈసారి లిస్టు కనపడితే అంకె కన్నా ముందు మూడు చూడండి: ఎంతమంది ఓటేశారు, వాళ్లు ఎవరు, ఏరిన ఆల్బమ్‌లు చెల్లుతాయా లేదా. వీలైతే ఒకసారి ఫోన్‌లో రివాల్వర్ పెట్టి 3, 9, 11 పాటలు తీసేసి వినండి. 1966లో అమెరికా వాళ్లు కొనుక్కున్నది అదే. తర్వాత ఆ మూడూ కలిపి మళ్లీ వినండి, రెండిటికీ మీరు ఒకే మార్కు వేస్తారేమో చూసుకోండి.